నేను గోడకు ఆనించిన చేట

మా మిల్లులో ఆడవాళ్లు రాత్రి పనికి ఉండాలంటే మూడు షరతులు ఉండేవి. అవి ఏ సర్కారూ రాసినవి కావు. మేమే పెట్టుకున్నాం. ఉత్త పుణ్యానికి రాలేదు, తన్నులు తిని సంపాదించుకున్నాం. అందులో ఒకదాన్ని నా చేతులతో నేనే తెంపాను. ఎనభై దాటిన ఈ వయసులో అబద్ధమాడి ఎవరిని మెప్పించాలి? ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అది కోదాడ ఊరి బయట, సూర్యాపేట రోడ్డు పక్కన ఉన్న బియ్యం మిల్లు. నిజాం రాజ్యం పోయి మిలిటరీ పాలన వచ్చిన మరుసటి ఏడాది. ఇంజను దగ్గర, మర దగ్గర, బస్తాల దగ్గర మగవాళ్లు పనిచేసేవాళ్లు. బియ్యం చెరిగి, నూకలు వేరుచేసి, రాళ్లు ఏరే పని మా పన్నెండు మంది ఆడవాళ్లది. ఆ పన్నెండు మందిలో నేనూ, నా తోడికోడలూ ఉండేవాళ్లం. నాకు ఇరవై రెండు, ఆమెకు పందొమ్మిది. సర్కారుకు లెవీ బియ్యం గడువులోపల కట్టాలని షావుకారు రాత్రిళ్లు కూడా మర ఆడించేవాడు. మర ఆడితే మేమూ ఉండాలి. చెరగని బియ్యం గోదాములో తీసుకోరు.

మొదట్లో షరతులూ లేవు, పాడూ లేవు. పొద్దుగూకాక గుమాస్తా వచ్చి నువ్వుండు, నువ్వుండు అని వేలు చూపించేవాడు. ఒక రాత్రి ఇంజను డ్రైవరు మాలో ఒకామెను తవుడు గదిలోకి లాగి లోపల గడియ పెట్టుకున్నాడు. మాలో పెద్దది ఒకామె ఉండేది, అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె తలుపును కాలితో తన్ని తన్ని ఊడగొట్టి, తవుడెత్తే పారతో వాడి భుజం మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు మర చప్పుడులో కూడా నాకు వినబడింది. ఇప్పటికీ ఆ చప్పుడు తలుచుకుంటే నాకు సంతోషమే, దాచుకోను. కానీ వాడి ఎముక నెలన్నరలో అతికింది. ఆ పిల్ల మాత్రం మళ్లీ పనికి రాలేదు. రాత్రిపూట మిల్లులో ఎందుకున్నావని మొగుడు వాకిట్లోనే ఆమెను కట్టెతో బాదాడు. చేసినవాడికి పట్టీలు, పడ్డదానికి దెబ్బలు. అప్పటి న్యాయం అది.

షావుకారు పెద్దమ్మను పనిలోంచి తీసేస్తానన్నాడు. మేమంతా గేటు బయట కూర్చున్నాం. మూడు రోజులు లేవలేదు. గుమాస్తా మా మీద కుడితి నీళ్లు పోయించాడు, బస్తాలు మోసే వాళ్లతో ఈడ్పించాడు. ఈడ్చిన చోటి నుంచి లేచి వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాం. నాలుగో రోజు రాళ్లున్న బియ్యాన్ని గోదాము వాళ్లు వెనక్కి పంపేసరికి షావుకారు దిగివచ్చాడు, పనికి రాని ఆ పిల్ల చోట్లో ఇంకొకామెను పెట్టుకున్నాడు.

అప్పుడు పెద్దమ్మ చెప్పిన మూడు మాటలే మా కానూను. తవుడు గదికి లోపలి గడియ ఉండొద్దు, రెండు లాంతర్లు వెలుగుతూ ఉండాలి, గడపలో పెద్దమ్మ కూర్చుంటుంది. ఇది మొదటిది. పని అయ్యాక ఎవరూ నడిచి పోరు, మిల్లు ఎడ్లబండి ఒక్కొక్కరి వాకిట్లో దించాలి. ఇది రెండోది. ఊళ్లలో కర్ఫ్యూ ఉన్న కాలం కాబట్టి ఆ బండికి మిలిటరీ క్యాంపు నుంచి పర్మిట్ చీటీ ఉండేది. చీకటి పడ్డాక ఆ చీటీ లేకుండా రోడ్డెక్కినవాళ్లు దొరికిపోతే ఇక వాళ్ల పని ఖతమే. మూడోది, ఉండాలనుకున్నది తానే చెప్పాలి. మొగుడు చెప్పినా, అత్త చెప్పినా, మేస్త్రి చెప్పినా చెల్లదు.

నోటితో చెప్పించలేదు పెద్దమ్మ. చాలా తెలివిగలది. నోటితో ఉండనంటే, ఎందుకుండవు అని అడుగుతారు. కారణం చెబితే ఆ కారణాన్ని పట్టుకుని పీకుతారు. అందుకని చేట పెట్టింది. ఎవరి చేట వాళ్లకుండేది, అంచుకు తారుచుక్కో గుడ్డపేలికో గుర్తు. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు రాత్రికి ఉండేది తన చేటను గోడకు ఆనించాలి. ఉండనిది చంకన పెట్టుకోవాలి. పెద్దమ్మ గోడకున్న చేటలు లెక్కబెట్టి గుమాస్తాకు చెప్పేది. చంకన పెట్టుకున్నదాన్ని ఎందుకని ఎవరూ అడగకూడదు. లెక్క చెప్పాక చేట తీయకూడదు, ఎందుకంటే అన్ని చేటలకు సరిపడా వడ్లే మరలో పోసేవాళ్లు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు కానూను ప్రకారం చీకటి పడ్డాక ఆడవాళ్లను మిల్లులో పనికి పెట్టడమే తప్పు. మాకది తెలియదు, షావుకారుకు బాగా తెలుసు. అందుకే హాజరు పుస్తకంలో మా పన్నెండు మందికీ సాయంత్రమే పని అయిపోయినట్టు రాసేవాళ్లు. పైగా, మా ఇష్టంతోనే ఉంటున్నాం అని ఒక కాగితం రాయించి అందరి వేలిముద్రలూ తీసుకున్నాడు. ఆ కాగితం మాకు రక్ష అనుకున్నాం. వెర్రిబాగులవాళ్లం!

ఆ రోజు పొద్దున నేనూ నా తోడికోడలూ పొయ్యి దగ్గర ఏదో మాట మీద కొట్లాడుకున్నాం. మిల్లుకు ఎడముఖం పెడముఖంగానే వచ్చాం. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు ఆమె నీళ్లు తాగడానికి బావి దగ్గరికి పోయి ఉంది. చేట మాత్రం బియ్యపు రాశి పక్కన పడి ఉంది. నేను నా చేట గోడకు ఆనించాను. దాని పక్కనే ఆమె చేట కూడా తీసి ఆనించాను. నేనుంటే అది ఉండదా అనుకున్నాను. రాత్రి ఉన్నవాళ్లకు ఒడి నిండా నూకలిచ్చేవాళ్లు, ఇద్దరం ఉంటే రెండు ఒళ్లు. ఇంట్లో తొమ్మిది నోళ్లున్నాయి. ఆ లెక్క కూడా నా మనసులో ఉంది. అన్నిటికన్నా, పొద్దుటి కోపం ఉంది. పెద్దదాన్ని, నా మాట చెల్లాలి అనే పొగరు ఉంది.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్దమ్మ లెక్క చెప్పేసింది. ఆమె గోడ వంక చూసింది, నా వంక చూసింది. ఆ పూట ఉండొద్దనుకుందని ఆ చూపులోనే నాకు తెలిసింది. కొంగు నడుముకు చుట్టుకుని రాశి ముందు కూర్చుంది.

రాత్రి పది గంటల వేళకు సూర్యాపేట నుంచి వచ్చిన లారీ డ్రైవరు గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. గుమాస్తా ముఖం మాడిపోయింది. మా దగ్గరికి ఉరికొచ్చి లాంతర్లు ఊదేశాడు.

"లేవుర్రి, లేవుర్రి! ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ సాబు వస్తున్నడు. మర ఆడేటప్పుడు లోపల కనబడ్డరంటే పని చేస్తున్నట్టే లెక్క. ఎనక దర్వాజల కెల్లి పోండ్రి!" అన్నాడు.

"బండి కట్టియ్యి, పోతం," అంది పెద్దమ్మ, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే.

"బండి ముంగటి వాకిట్ల ఉన్నది. కట్టంగ సూస్తడు."

"అట్లయితే సూడనియ్యి. బండి లేంది మేం కదలం. చీటీ లేకుంట తొవ్వల దొరికితె మమ్ముల సంపుతరు."

గుమాస్తా చేతిలో తలుపుకు అడ్డం వేసే కర్ర ఉంది. దానితో పెద్దమ్మ మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఆమె ఒళ్లో పడ్డాయి. నేను వాడి ముంజేతిని పట్టి కొరికాను. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా వదల్లేదు. వాడు నా జుట్టు పట్టి తలను గుంజకు కొట్టాడు. బస్తాలు మోసేవాళ్లు వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ మెడపట్టి వెనక తలుపులోంచి బయటికి తోశారు. నిన్నటిదాకా మాతో కలిసి అంబలి తాగినవాళ్లే. తలుపు మూసుకుంది. లోపల మర ఆడుతూనే ఉంది.

పన్నెండు మందిమి పొలం గట్టు పట్టుకుని నడిచాం. మాట్లాడొద్దు, దగ్గొద్దు అంది పెద్దమ్మ. పళ్లూడిన నోటితో ఆమె మాట సరిగా రాలేదు. అందరి ఒళ్లలోనూ నూకలున్నాయి. ఏడుపులో కూడా వాటిని ఎవరూ పారబోయలేదు. పారబోసి ఉంటే కొంచెం తక్కువ దెబ్బలు పడేవేమో.

వాగు దాటాక గస్తీవాళ్లు ఎదురయ్యారు. అడవుల్లోకి పోయిన కమ్యూనిస్టు దళాలకు ఎవరూ తిండి మోయకుండా చుట్టుపక్కల ఊళ్ల దొరలు పెట్టుకున్న మనుషులు. ఆరేడుగురు ఉన్నారు, ఒకడి దగ్గర తుపాకి ఉంది. బ్యాటరీ లైటు మా ముఖాల మీద పడింది, తర్వాత మా ఒళ్ల మీదికి దిగింది.

"నూకలా! ఎవనికి మోస్తున్రే? అడవిల మొగోళ్లకా?"

"మిల్లు ఆడోళ్లం బాంచెన్, పని జేసి ఇంటికి పోతున్నం."

"ఏ మిల్లే? రాత్రి మిల్లుల ఆడోళ్లు ఉంటరా? చీటీ ఏది?"

"చీటీ బండి కాడున్నది."

"బండేది?"

మొదటి దెబ్బ నా వీపు మీద పడింది. ఆ తర్వాత ఎవరి మీద ఎన్ని పడ్డాయో చెప్పలేను. పడినవాళ్లను లేవమని కొట్టారు, లేచినవాళ్లను పడేదాకా కొట్టారు. ఒకామె బురదలో పడితే వీపు మీద కాలు పెట్టి తొక్కాడొకడు. నా తోడికోడలు తల మీదికి దెబ్బ వస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఆ చేతినే చూసి కొట్టాడు. చెయ్యి తీస్తే తల మీద కొడతాడని ఆమె చెయ్యి తీయలేదు. చెయ్యి తీయలేదని వాడు ఆగలేదు. వంటచెరకు విరుస్తున్నట్టు చప్పుడు. నేను పాక్కుంటూ పోయి ఆమె మీద పడుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. మా మీద జాలితో వాళ్లు ఆగలేదు. కొట్టీ కొట్టీ చేతులు నొప్పిపుట్టి ఆగారు.

తెల్లారి షావుకారు లారీలోనే ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. బండి మీద నుంచి పడిందని చెప్పమన్నాడు గుమాస్తా. వాడి ముంజేతికి కట్టు చూసి నాకు ఆ నొప్పిలో కూడా నవ్వొచ్చింది. డాక్టరు చేతిని చూసి, "ఎన్ని బండ్ల మీది నుంచి పడ్డదమ్మా?" అని అడిగాడు. మణికట్టు, మూడు వేళ్లు నుజ్జయ్యాయి. చెయ్యి ఉంటుంది గానీ పట్టు ఉండదన్నాడు.

ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ దవాఖానకు వచ్చాడు. రాత్రి మిల్లులో అతనికి ఒక్క ఆడమనిషీ కనబడలేదు. కానీ బియ్యపు రాశి చుట్టూ పన్నెండు చేటలున్నాయి, లాంతరు గాజులు వేడిగా ఉన్నాయి, గడపలో రక్తం ఉంది. చూసి ఊరుకునే మనిషి కాదు. వెంట ఉన్న గుమాస్తా మా వేలిముద్రల కాగితం తీసి చూపించాడు.

"వాళ్ల ఇష్టంతోనే ఉంటున్నరు సాబ్, జబర్దస్తీ ఏం లేదు."

"వాళ్ల ఇష్టంతో నాకేం పని? ఇష్టమున్నా రాత్రిపూట ఆడవాళ్లను పెట్టొద్దని కానూను. ఈ కాగితం మీరు తప్పు చేసినట్టు మీరే రాసిచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మా వైపు తిరిగి, "కాగితం ఒక్కటే చాలదమ్మా. లోపల పనిచేశామని కచేరీలో ఒకరైనా చెప్పాలి," అన్నాడు.

అతను పోయాక గుమాస్తా వాకిట్లో నిలబడి మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. నోరు తెరిస్తే పన్నెండు మందికీ రాత్రి పనే కాదు, పగటి పని కూడా ఉండదు. నేను చెబుతాననేసరికి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వద్దని నన్ను బతిమాలారు. పెద్దమ్మ మాత్రం బతిమాలలేదు, చెప్పమని కూడా అనలేదు. ఇంట్లో నా మొగుడు నోరు మూసుకోమని చెంప మీద కొట్టాడు. రోకలి చేతిలోకి తీసుకుని ఇంకొక్కటి వెయ్యి చూద్దాం అన్నాను. వెయ్యలేదు.

కేసు మిర్యాలగూడ కచేరీలో నడిచింది. రాత్రిళ్లు పనిచేశామని చెప్పాను. హాజరు పుస్తకం అబద్ధమన్నాను. వెనక తలుపు నుంచి తోశారన్నాను. షావుకారు వకీలు నున్నగా నవ్వుతూ లేచాడు.

"చెయ్యి విరిగినామె ఆ రాత్రి తన ఇష్టంతోనే ఉన్నదా?"

"లేదు."

"అంటే షావుకారు బలవంతం చేసిండా?"

"లేదు. ఆమె చేట నేను పెట్టిన. ఆమెను అడగకుంట పెట్టిన."

కచేరీలో ఎవరో నవ్వారు. వకీలు చేతులు చాచి, అయితే తప్పు ఈమెది, మా షావుకారుది కాదు అన్నాడు. మేజిస్ట్రేటు తలెత్తి, ఎవరి ఇష్టమన్నది ఇక్కడ ప్రశ్న కాదు, రాత్రి మిల్లులో ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న అన్నాడు. ఉన్నారని తేలింది. షావుకారుకు జుర్మానా వేశారు. అతను అక్కడికక్కడే కట్టేసి, పై కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. నా తోడికోడలి చేతికి ఏమైనా ఇప్పించమని అడిగాను. దెబ్బ తగిలింది మిల్లు లోపల కాదు, బయట దారిలో, దానికి మిల్లు జవాబుదారీ కాదు అన్నారు. గస్తీవాళ్ల మీద కేసు పెట్టడానికి మాకు వాళ్ల పేర్లు తెలియవు, తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మిల్లులో రాత్రిపూట ఆడవాళ్లు లేరు. నెల తిరిగేసరికి పగటిపూట కూడా లేరు. జల్లెడ మర ఒకటి తెచ్చి ఇద్దరు మగవాళ్లను పెట్టుకున్నాడు. నిజం చెప్పి ఏం సాధించావని ఊళ్లో నన్ను ముఖం మీదే తిట్టారు. ఏం సాధించానో నాకూ తెలియదు. కానీ ఆ పుస్తకంలో అబద్ధం ఉంచి బతకడం నావల్ల కాలేదు.

తోడికోడలూ నేనూ ఒకే ఇంట్లో, తర్వాత పక్కపక్క ఇళ్లలో బతికాం. ఆమె ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం, పిల్లల జడలు వేయడం నేర్చుకుంది. నన్ను ఎన్నడూ నిందించలేదు. ఆ నిందించకపోవడమే నన్ను కాల్చింది. ఆ రోజు ఎందుకు ఉండొద్దనుకుందో నాలో నేనే ఏవేవో కల్పించుకున్నాను. కడుపుతో ఉందేమో, జ్వరమేమో, ఏదో కీడు మనసుకు తట్టిందేమో. ఆడవాళ్లను కారణం అడగొద్దన్నది మా షరతే కదా, అడగలేదు. అదొక సాకు. అసలు సంగతి, అడగడానికి నాకు భయం.

మొన్నామధ్య నా మనుమరాలు హైదరాబాదులో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీకి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెడుతుంటే చదివి వినిపించమన్నాను. రాతపూర్వకంగా ఆమె ఒప్పుకుంటేనే డ్యూటీ, ఒప్పుకోలేదని ఉద్యోగం తీయకూడదు. ఇంటి గుమ్మం నుంచి తీసుకుపోయి మళ్లీ గుమ్మంలో దింపే కారు. ఆడపిల్ల ఒక్కతే ఉంటే వెంట కాపలా మనిషి. డ్రైవరు వివరాలు కంపెనీ దగ్గర. వింటుంటే ఒళ్లు మండింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అరవై ఏళ్లు! పళ్లూడిన పెద్దమ్మ మాటలు కాగితం మీదికి రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఆ సాయంత్రం పక్కింటికి పోయి తోడికోడలి మంచం మీద కూర్చున్నాను. ఆమె అప్పటికే సరిగా లేవలేకపోతోంది.

"ఆ దినం నీకు ఉండబుద్ధి కాలేదు గదా. ఎందుకే? కడుపుతోని ఉన్నవా? పానం బాగలేకుండెనా?" అని అడిగాను.

ఆమె నా వంక చూసింది. గుర్తు తెచ్చుకోవడానికి కాదు. ఇన్నేళ్లు ఇదా నువ్వు మోసుకు తిరిగింది అన్నట్టు చూసింది.

"కడుపు లేదు, కాకరకాయ లేదక్కా. పానం మంచిగనే ఉండె. ఊకెనే, ఆ పూట ఉండబుద్ధి కాలె. గంతే." ఎడమచేత్తో దుప్పటి సర్దుకుని, "అయినా, ‘ఉంటవా’ అని కారణముంటేనే అడుగుతరా?" అంది.